బ్యాంకు మెయిలును కుడి నుంచి చదవండి

శుక్రవారం సాయంత్రం ఐదున్నర. పెన్షన్ మీద బతికే ఒకాయన ఫోనుకు మెయిలు వచ్చింది. పంపినవారి పేరు ఉండే చోట 'మైబ్యాంక్ అలర్ట్స్' అని ఉంది. తెరిస్తే పైన బ్యాంకు గుర్తు, బ్యాంకు వాడే రంగులే, కింద ప్రధాన కార్యాలయం చిరునామా. 'చివరి హెచ్చరిక: మీ ఖాతా నిలిపివేస్తున్నాం' అన్నది శీర్షిక. లోపలి సంగతి ఇది:

"ప్రియమైన ఖాతాదారుకు, మీ కేవైసీ గడువు ముగిసింది. ఈ మెయిలు అందిన 24 గంటల్లోగా వివరాలు నమోదు చేయకపోతే రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం మీ ఖాతాలో లావాదేవీలన్నీ ఆపేస్తాం. ఆ తర్వాత ఖాతాను పునరుద్ధరించడం సాధ్యం కాదు."

దాని కింద నీలం రంగు బటన్. దాని మీద 'ఇప్పుడే కేవైసీ పూర్తి చేయండి' అన్న మాట.

మర్నాడు రెండో శనివారం, ఆ పైన ఆదివారం. బ్రాంచి మళ్లీ తెరిచేది సోమవారం ఉదయమే. ఒకటో తారీఖున పడిన పెన్షన్ ఆ ఖాతాలోనే ఉంది. చేతికి అందేంత దూరంలో ఆ బటన్ ఉంది.

ఈ మెయిలు ఈ వ్యాసం కోసం రాసిన నమూనా, బ్యాంకు పేరు కూడా కల్పితమే. ఇలాంటివి మామూలుగా ఇంగ్లీషులో వస్తాయి. అయితే ఇందులోని ప్రతి ముక్కా జనానికి నిజంగా వస్తున్న మోసపు మెయిళ్లలో ఉండేదే. అందుకే దీన్నే ముందు పెట్టుకుని, ఎక్కడ చూస్తే అబద్ధం బయటపడుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ఒక మాట. ఈ మెయిల్లో మన కంటికి ఇంపుగా కనిపించేదంతా పంపినవాడు తన ఇష్టప్రకారం పెట్టుకున్నదే. బ్యాంకు గుర్తును బ్యాంకు వెబ్‌సైటు నుంచే తీసుకోవచ్చు. పేరు, సంతకం, బటన్ మీది మాట, రిజర్వ్ బ్యాంకు ప్రస్తావన ఎవరైనా రాసుకోవచ్చు. కాబట్టి గుర్తు ఉందా, భాష బాగుందా, పేజీ అందంగా ఉందా అని చూస్తే ఏమీ తేలదు. ఒకప్పుడు ఇలాంటి మెయిళ్లను తప్పుల తడక ఇంగ్లీషు పట్టిచ్చేది. ఇప్పుడు భాష శుభ్రంగానే ఉంటోంది. మరి మోసగాడు తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోలేనిది ఏది? ఆ చోటే మనం చూపు నిలపాలి.

పేరు కాదు, చిరునామా

ఈమెయిలుకు ఆధారమైన పద్ధతి 1982లో రూపుదిద్దుకుంది. అప్పట్లో ఈ వల పరిశోధనా సంస్థలు, విశ్వవిద్యాలయాల మధ్య ఉండేది. పంపేవాడు తన పేరు నిజంగా చెబుతున్నాడా లేదా అని సరిచూసే ఏర్పాటు అందులో పెట్టలేదు. పోస్టు కవరు వెనక 'ఫ్రం' దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు కదా, అది కూడా అంతే. ఈనాటికీ మెయిలు పైభాగంలో పెద్ద అక్షరాల్లో కనిపించే పేరు పంపేవాడు టైపు చేసుకున్న మాట మాత్రమే. అక్కడ బ్యాంకు పేరు పెట్టుకోవచ్చు, రిజర్వ్ బ్యాంకు పేరు పెట్టుకోవచ్చు, అడిగేవారు లేరు.

ఆ పేరు వెనక ఉండేదే అసలు చిరునామా. చిక్కేమిటంటే ఫోనులో చాలా యాప్‌లు పేరు చూపించి చిరునామాను దాచేస్తాయి. తెర చిన్నది కాబట్టి చోటు కలిసొస్తుందని అలా చేస్తారు. కానీ మోసగాడికి కావలసిందీ అదే. జీమెయిల్ యాప్‌లో అయితే పంపినవారి పేరు కింద `to me` అని ఉన్నచోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని తాకితే పూర్తి చిరునామా విచ్చుకుంటుంది. మిగతా యాప్‌లలో పేరు మీద తాకితే సాధారణంగా కనిపిస్తుంది.

మన నమూనాలో 'మైబ్యాంక్ అలర్ట్స్' అన్న పేరు వెనక ఉన్నది ఇది:

```
mybank.alerts@kyc-verify.example
```

ఇందులో `@` గుర్తుకు ఎడమ వైపున్నది పెట్టె పేరు. దాన్ని ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు, కాబట్టి 'మైబ్యాంక్' అన్న మాట అక్కడ ఉన్నా దానికి విలువ లేదు. కుడి వైపున్నది డొమైన్. ఆ డొమైన్ ఎవరి పేరున నమోదై ఉందో వాళ్లదే ఆ మెయిలు పెట్టె. ఇక్కడ డొమైన్ `kyc-verify.example`. అందులో బ్యాంకు లేదు. కేవైసీ అన్న మాట చూసి అది బ్యాంకు వ్యవహారమే అనుకోనక్కర్లేదు. ఇలాంటి పేరును ఏ ఊరివాడైనా కొన్ని వందల రూపాయలు కట్టి కొన్ని నిమిషాల్లో కొనుక్కోగలడు. నిజంగా వచ్చే మోసపు మెయిళ్లలో చివర రకరకాల తోకలుంటాయి. మనం మాత్రం `.example` వాడుతున్నాం. ఉదాహరణల కోసమే కేటాయించి, ఎవరికీ అమ్మని తోక అది. చదివినవారు ఎవరైనా టైపు చేసి చూసినా ఎక్కడికీ చేరరు.

మోసగాడు కాస్త తెలివైనవాడైతే బ్యాంకు డొమైన్‌ను పోలిన డొమైన్ కొంటాడు. `m` అక్షరం ఉండాల్సిన చోట `rn` పెడతాడు. చిన్న తెర మీద ఆ రెండక్షరాలూ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. `l` బదులు `1`, `o` బదులు `0` పెడతాడు. అందుకే చిరునామాను మాటలా చదివేయకుండా అక్షరం అక్షరం చూడాలి. ఇంకా అనుమానంగా ఉంటే మీకు గతంలో అదే బ్యాంకు నుంచి వచ్చిన నెలవారీ స్టేట్‌మెంట్ మెయిలు తెరిచి, రెండు చిరునామాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

చిరునామా సరిగ్గా బ్యాంకుదే అయితే సరిపోతుందా? సరిపోదు. పేరును ఎలా దొంగిలించవచ్చో, కొన్ని సందర్భాల్లో చిరునామానూ అలాగే దొంగిలించవచ్చు. దాన్ని అడ్డుకోవడానికి తర్వాతి కాలంలో కొన్ని తనిఖీలు వచ్చాయి. మీ మెయిలు సంస్థ ప్రతి మెయిలు అందగానే ఫలానా డొమైన్ పేరుతో పంపే హక్కు ఆ యంత్రానికి ఉందా, సంతకం సరిపోయిందా అని తెర వెనక చూస్తుంది. ఆ ఫలితం మీరూ చూడవచ్చు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిలు పక్కన మూడు చుక్కలు నొక్కి, `Show original` ఎంచుకుంటే `SPF`, `DKIM`, `DMARC` అన్న మూడు వరుసలుంటాయి. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్లో వీటి పక్కన `FAIL` అని కనిపిస్తే దాన్ని నమ్మకండి. అయితే `PASS` అని ఉన్నంత మాత్రాన అది బ్యాంకు మెయిలని కాదు. అక్కడ రాసిన డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే దాని అర్థం. మోసగాడు తన సొంత డొమైన్‌కు ఈ ఏర్పాట్లన్నీ పక్కాగా చేసుకోగలడు. అప్పుడు మూడూ `PASS` అనే చూపిస్తాయి. కాబట్టి చివరికి మళ్లీ డొమైన్ ఎవరిదన్న ప్రశ్న దగ్గరికే రావాలి.

బటన్ ఎక్కడికి తీసుకెళ్తుంది?

ఇక నీలం బటన్. దాని మీద రాసి ఉన్నదానికీ, అది తీసుకెళ్లే చోటుకూ సంబంధం ఉండనక్కర్లేదు. బ్యాంకు అసలు వెబ్ చిరునామానే నీలం అక్షరాల్లో పూర్తిగా రాసి, దాని వెనక మరో గమ్యం పెట్టడం చాలా తేలిక. నొక్కకుండానే గమ్యం చూసే దారి ఉంది. కంప్యూటర్‌లో అయితే మౌస్ బాణాన్ని లింకు మీద ఊరికే ఉంచితే కింది అంచున గమ్యం కనిపిస్తుంది. ఫోనులో అయితే లింకు మీద వేలు పెట్టి కాసేపు అలాగే నొక్కి ఉంచితే చిరునామా ఒక చిన్న పెట్టెలో వస్తుంది. ఆ పనిలో పొరపాటున లింకు తెరుచుకునే ప్రమాదముంది కాబట్టి, చేయి వణికేవారు, తొందరపాటు ఉన్నవారు ఫోనులో దీన్ని ప్రయత్నించకపోవడమే మంచిది.

మన నమూనా బటన్ వెనక ఉన్న గమ్యం ఇది:

```
https://mybank.bank.in.kyc-verify.example/login
```

ఎడమ నుంచి చదివేవారికి ముందుగా బ్యాంకు పేరు కనిపిస్తుంది. ఫోనులో చిరునామా పట్టీ ఇరుకు కాబట్టి తర్వాతి భాగం తెగిపోయి, అక్కడితోనే ఆగినట్టు కూడా ఉంటుంది. మోసగాడు లెక్క వేసుకున్నదే అది. మనం పుస్తకం చదివినట్టు ఎడమ నుంచి చదువుతాం. కానీ వెబ్ చిరునామాలో యజమాని పేరు కుడి వైపున ఉంటుంది.

చదివే పద్ధతి ఇది. మొదట `https://` ను వదిలేయండి. ఆ తర్వాత మొట్టమొదట వచ్చే ఏటవాలు గీత `/` దగ్గర ఆగండి. దాని తర్వాత ఏమున్నా పట్టించుకోకండి. ఇప్పుడు ఆ గీత దగ్గర నుంచి వెనక్కి, అంటే ఎడమ వైపుకు, చుక్క చుక్కకూ ఆగుతూ చదవండి. మొదట వచ్చేది `example`, దానికి ముందు `kyc-verify`. ఈ రెండూ కలిస్తే యజమాని తేలిపోయాడు. దానికి ఎడమ వైపున్న `mybank.bank.in` అంతా ఆ యజమాని తన డొమైన్ ముందు తగిలించుకున్న అలంకారం. డొమైన్ కొన్నవాడు దాని ముందు ఎన్ని మాటలైనా ఉచితంగా చేర్చుకోవచ్చు.

ఇక్కడ మన దేశపు ఖాతాదారులకు ఈమధ్య ఒక మంచి ఆసరా దొరికింది. ఇంతకాలం ఒక్కో బ్యాంకు ఒక్కో రకం తోకతో వెబ్‌సైటు నడిపేది. ఒకటి `.com`, ఇంకొకటి `.co.in`. ఏది అసలో ఖాతాదారుకు గుర్తుండేది కాదు. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా ద్రవ్య విధాన ప్రకటనలో భాగంగా బ్యాంకులకు `bank.in` అనే ప్రత్యేక డొమైన్ తెస్తున్నట్టు చెప్పారు. ఆ ఏడాది అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. స్టేట్ బ్యాంకు `sbi.bank.in` అయింది, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు `hdfc.bank.in` అయింది. ఈ పేర్లను నమోదు చేసే బాధ్యత ఒకే ఒక్క సంస్థకు అప్పగించారు. అది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకింగ్ సాంకేతికత మీద పరిశోధన కోసం రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన సంస్థ అది. బ్యాంకు కానివారికి ఆ పేరు ఇవ్వరు.

అంటే `/` గీతకు ముందున్న చిట్టచివరి ముక్క సరిగ్గా `.bank.in` అయితే, దానికి ఎడమ పక్కనే మీ బ్యాంకు పేరుంటే, అది బ్యాంకు చిరునామాయే. ఈ వాక్యంలో ప్రతి మాటా ముఖ్యమే. `bank.in` అన్నది చిరునామా మధ్యలో ఎక్కడో ఉంటే లెక్కలోకి రాదు, మన నమూనాలో జరిగింది అదే. `bank` అన్న మాటకు ముందు చుక్క ఉండాలి. చుక్క బదులు చిన్న అడ్డగీత పెట్టి బ్యాంకు పేరుకు అతికిస్తే అది ఎవరైనా కొనుక్కోగల మామూలు `.in` డొమైన్ అవుతుంది.

ఇంకొక ఎత్తు కూడా తెలిసి ఉండాలి:

```
https://mybank.bank.in@kyc-verify.example/
```

వెబ్ చిరునామాలో `@` గుర్తు ఉంటే బ్రౌజర్ దానికి ఎడమ వైపున్నదాన్ని గమ్యంగా తీసుకోదు, కుడి వైపున్న చోటికే పోతుంది. గీతకు ముందు ఆ గుర్తు కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

చిరునామా పట్టీలో తాళం గుర్తుంటే సైటు మంచిదేనన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే: మీ ఫోనుకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో మరొకరు చదవలేరని. ఆ సైటు ఎవరిదో అది చెప్పదు. దానికి కావలసిన ధ్రువపత్రం ఉచితంగా దొరుకుతుంది, మోసగాళ్లూ తీసుకుంటారు. ఈ అపోహ పోవాలనే గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్ నుంచి తాళం గుర్తును తీసేసి వేరే గుర్తు పెట్టింది.

కొన్ని మెయిళ్లలో లింకే ఉండదు. బదులుగా క్యూఆర్ కోడ్ ఉంటుంది, లేదా జతగా ఒక ఫైలు వస్తుంది. ఫైలు పేరు చివర `.html` అని ఉంటే దాన్ని తెరవగానే బ్యాంకు లాగిన్ పేజీ లాంటిది వస్తుంది. అది ఫోనులోనే ఉన్న పేజీ కాబట్టి పైన చూడటానికి వెబ్ చిరునామా కూడా ఉండదు. చివర `.apk` అని ఉంటే అది ఫోనులో దిగే యాప్, మీకు వచ్చే ఎస్ఎంఎస్‌లను చదివే అనుమతి అడగవచ్చు. గమ్యం చూడనివ్వని దారి ఏదైనా సరే, లింకు పరీక్షలో తప్పినట్టే లెక్క వేసుకోండి.

భయపెట్టే మాటను గడువుతో కొలవండి

మూడో పరీక్షకు సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. మెయిలు ఏం చేయమంటోంది, ఎంతలో చేయమంటోంది, చేయకపోతే ఏమవుతుందంటోంది అన్న మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మన నమూనా కేవైసీ చేయమంది, 24 గంటలు ఇచ్చింది, లేకపోతే ఖాతా శాశ్వతంగా పోతుందంది.

అసలు నిబంధన ఎలా ఉందో దాని పక్కన పెట్టి చూడండి. కేవైసీని మళ్లీ చూసుకోవాల్సిన గడువు ఖాతాదారుతో ఉన్న రిస్కును బట్టి రెండేళ్లు, ఎనిమిదేళ్లు, పదేళ్లు. రిస్కు తక్కువ అని బ్యాంకు గుర్తించినవారికి పదేళ్లు. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఈ నిబంధనలను సవరించి, గడువు తేదీకి ముందే ఖాతాదారుకు కనీసం మూడుసార్లు తెలియజేయాలని, వాటిలో కనీసం ఒకటి ఉత్తరంగా వెళ్లాలని చెప్పింది. గడువు దాటాక కూడా కనీసం మూడు గుర్తుచేతలు పంపాలి, అందులోనూ కనీసం ఒకటి ఉత్తరమే. తక్కువ రిస్కు వ్యక్తులకైతే గడువు దాటాక కూడా ఏడాది వరకు లావాదేవీలు సాగనివ్వాలని అదే సవరణలో ఉంది. వివరాల్లో మార్పేమీ లేకపోతే నమోదైన మొబైల్ నుంచో, ఏటీఎంలోనో, బ్యాంకు యాప్‌లోనో ఆ సంగతి తెలియజేస్తే సరిపోతుంది.

నెలల తరబడి, ఉత్తరాలతో సహా నడవాల్సిన వ్యవహారం శుక్రవారం సాయంత్రం ఒక్క మెయిలుతో మొదలై శనివారం సాయంత్రానికి ముగిసిపోదు. ఆ గడువు నిబంధనల్లో లేదు. మోసగాడి అవసరం నుంచి పుట్టింది. అతను పెట్టిన నకిలీ పేజీ గురించి ఫిర్యాదులు వెళ్లగానే దాన్ని మూసేస్తారు, బ్రౌజర్లు ఎర్ర హెచ్చరిక చూపడం మొదలుపెడతాయి. ఆలోగా ఎంతమంది నొక్కితే అంత లాభం. పైగా మీరు అబ్బాయిని అడిగినా, పక్కింటి బ్యాంకు ఉద్యోగిని అడిగినా పన్నాగం బయటపడుతుంది. ఎవరినీ అడిగే వ్యవధి ఇవ్వకపోవడమే ఆ 24 గంటల పని. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ ఇక్కడ ఎన్నారై ఖాతా నడిపే మనవాళ్ల మీద ఈ బెదిరింపు ఇంకా గట్టిగా పనిచేస్తుంది. బ్రాంచికి వెళ్లి అడగలేరు, అమెరికాలో ఉన్నవారికైతే ఇక్కడ పగలైనప్పుడు అక్కడ రాత్రి.

బెదిరింపుకు ఇంకో రూపం ఆశ. ఆదాయపు పన్ను రిఫండు ఆగిపోయిందని, రివార్డు పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయని చెప్పే మెయిళ్లదీ ఇదే నడక. మెయిల్లో మీ పూర్తి పేరు, మొబైల్ నంబరు, ఖాతా చివరి నాలుగంకెలు ఉన్నాయని మెత్తబడకండి. ఇలాంటి వివరాలు ఎక్కడెక్కడి నుంచో లీకై చేతులు మారుతుంటాయి. మీ వివరాలు తెలిసినంత మాత్రాన అతను బ్యాంకువాడు కాడు.

మూడూ సరిపోతే?

ఈ మూడు పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా మెయిలును నమ్మకూడదు. కానీ మూడూ సరిపోయినంత మాత్రాన నమ్మవచ్చా అంటే, అదీ లేదు. బ్యాంకు అసలు మెయిళ్లలోని లింకులే కొన్నిసార్లు ప్రచార సంస్థల డొమైన్ల మీదుగా చుట్టు తిరిగి వెళ్తాయి, చూడ్డానికి నకిలీవాటిలాగే ఉంటాయి. వెబ్‌సైటు `bank.in` కు మారినా, కొన్ని మెయిళ్లు పాత డొమైన్ నుంచే రావచ్చు. ఇటు మోసగాడు తెలిసిన పెద్ద సంస్థ సైటులోనే ఒక పేజీ తెరిచి, అక్కడి నుంచి తన పేజీకి దారి మళ్లించగలడు. అంటే మనం అసలును అనుమానించే వీలుంది, నకిలీని నమ్మే వీలూ ఉంది.

దీనికి ఉన్న విరుగుడు ఒక్కటే. మెయిలు చెప్పింది నిజమో కాదో మెయిలు చూపిన దారిలో తేల్చుకోకండి. మెయిలు మూసేసి, మీ ఫోనులో ముందునుంచీ ఉన్న బ్యాంకు యాప్ తెరవండి, లేదా బ్యాంకు చిరునామాను మీ చేత్తో టైపు చేయండి. కేవైసీ నిజంగా పెండింగులో ఉంటే అక్కడా కనిపిస్తుంది. కనిపించకపోతే కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోను చేసి అడగండి. మెయిల్లో ఇచ్చిన కస్టమర్ కేర్ నంబరుకు చేస్తే ఎత్తేది మోసగాడే. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరూ వద్దు, అక్కడా నకిలీ నంబర్లు చొరబడుతుంటాయి.

నొక్కేశాక

నమూనాలోని పెద్దాయన బటన్ నొక్కాడే అనుకుందాం. వచ్చిన పేజీ బ్యాంకు లాగిన్ పేజీలా ఉంది. అక్కడితో ఆగి మూసేస్తే డబ్బుకు సాధారణంగా ముప్పు రాదు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చాడంటే అవి అటుపక్కన కూర్చున్న మోసగాడికి చేరతాయి. అతను వాటితో బ్యాంకు అసలు సైటులోకి అప్పటికప్పుడే ప్రవేశిస్తాడు. ఆ లాగిన్‌కో, కొత్త వ్యక్తికి డబ్బు పంపడానికో బ్యాంకు నుంచి పెద్దాయన ఫోనుకు ఓటీపీ వస్తుంది. సరిగ్గా అదే సమయానికి నకిలీ పేజీ 'కేవైసీ ధ్రువీకరణ కోసం ఓటీపీ ఇవ్వండి' అంటుంది.

ఇక్కడ ఆగడానికి ఆఖరి అవకాశం ఉంది. ఓటీపీ ఎస్ఎంఎస్‌లో ఆ అంకె ఎందుకు పంపారో బ్యాంకు రాస్తుంది: ఫలానా మొత్తం బదిలీకి అని, కొత్త లబ్ధిదారును చేర్చడానికి అని. చాలామంది ఆరంకెలు మాత్రం చూసి మిగతా వాక్యం వదిలేస్తారు. ఆ వాక్యం పూర్తిగా చదివితే, కేవైసీ అని చెప్పి డబ్బు బదిలీ చేస్తున్నారని అక్కడే తెలిసిపోతుంది.

ఓటీపీ కూడా ఇచ్చేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, నిమిషాలు లెక్క. ముందు బ్యాంకుకు ఫోను చేసి ఖాతాను, కార్డును, నెట్ బ్యాంకింగ్‌ను ఆపించండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చేయండి. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు సమాచారం పంపి, మోసగాడు తీసుకోకముందే అక్కడ నిలిపివేయించే ఏర్పాటు వారికి ఉంది. అందుకే ఎంత ముందు చెబితే అంత దొరికే వీలుంది. తర్వాత `cybercrime.gov.in` లో ఫిర్యాదు నమోదు చేయండి. పాస్‌వర్డ్‌ను వేరే ఫోను నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి. ఆ మెయిలును చెరిపేయకండి, అదే సాక్ష్యం.

త్వరగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మరెక్కడో జరిగిన లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేసినవారికి నష్టం ఉండదు. ఓటీపీ, పాస్‌వర్డ్ మనమే ఇచ్చినప్పుడు అలా కాదు. బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. అంటే మీరు ఫోను చేసిన క్షణం నుంచి భారం అటు మారుతుంది. సోమవారం బ్రాంచి తెరిచేదాకా ఆగితే ఆ రెండు రోజుల నష్టమూ మీ మీదే పడుతుంది.

కాబట్టి ఈ పూట చేయాల్సిన పని చిన్నది. కార్డు వెనకున్న నంబరును ఫోనులో బ్యాంకు పేరుతో దాచుకోండి, దాని పక్కనే 1930 కూడా. బ్యాంకు `bank.in` చిరునామాను పాస్‌బుక్ అట్ట మీద రాసిపెట్టండి. ఇంట్లో ఫోను వాడే పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్లకు వచ్చిన ఒక అసలు బ్యాంకు మెయిలు తెరిచి, చిరునామాను కుడి నుంచి ఎలా చదవాలో వాళ్ల చేతే చదివించి చూపండి.